కీ ఎక్కడ పాతిపెట్టారు సార్?

"మా ఏపీఐ కీకి ఢోకా లేదండీ, ఎన్‌డీకేలో పెట్టాం" అనే మాట ఇంకొక్కసారి నా చెవిన పడితే ఊరెళ్లి నాలుగు గేదెలు కొనుక్కుని బతుకుతాను. ఆ మాట అనేవాళ్ల ముఖంలో నిశ్చింత చూడాలి! ఎన్‌డీకే అంటే ఆండ్రాయిడ్ యాప్‌లో సి ప్లస్ ప్లస్, సి ప్లస్ ప్లస్ అంటే కష్టం, కష్టమంటే దొంగకి కూడా కష్టమే. అక్కడితో భద్రతా శాస్త్రం సమాప్తం.

ఈ నిశ్చింత పుట్టే మీటింగు మీకు తెలియనిదేం కాదు. సరుకులు ఇంటికి తెచ్చే యాప్. లాగిన్‌కి ఓటీపీ కావాలి. ఓటీపీ పంపాలంటే, ఎస్సెమ్మెస్‌లు పంపిపెట్టే గేట్‌వే కంపెనీకి మన ఖాతా తాళంచెవి లాంటి ఏపీఐ కీ చూపించాలి. సర్వర్ పెడితే నెలనెలా ఖర్చు, అందుకని ఫోన్‌లోంచే నేరుగా గేట్‌వేకి పంపేద్దామని మేనేజర్‌గారు ముందే తేల్చేశారు. ఇక మిగిలిన అజెండా ఒక్కటే: కీ ఎక్కడ దాచాలి?

కుర్రాడొకడు `strings.xml` అన్నాడు. అందరూ నవ్వారు, మరీ అంత బహిరంగంగానా అని. రెండోవాడు `local.properties`లో రాసి `BuildConfig`లోకి తెద్దామన్నాడు, గిట్‌లోకి పోదు కదా అని. గిట్‌లోకి పోదు, నిజమే. కస్టమర్ ఫోన్‌లోకి వెళ్లే ఏపీకే ఫైల్లోకి మాత్రం శుభ్రంగా పోతుంది. మూడో ఆయన ఆర్8 ఆన్ చేద్దామన్నారు. ఆర్8 క్లాసుల పేర్లను `a`, `b` అని మార్చేస్తుంది గానీ, కోట్స్ మధ్యనున్న అక్షరాలను ముట్టుకోదు. దాంతో కోడంతా గజిబిజిగా మారి, కళ్లకు ఇంపుగా చదవడానికి మిగిలేది కీ ఒక్కటే.

అప్పుడు సీనియర్‌గారు గొంతు సవరించుకున్నారు. "సి ప్లస్ ప్లస్‌లో రాద్దాం. రెండు ముక్కలు చేద్దాం. తిరగేసి, బేస్64 చేసి, ఎక్సార్ కొడదాం." మేనేజర్‌గారికి ఎక్సార్ అంటే తెలియదు గానీ ఆ చప్పుడు నచ్చింది. ఇంకెవరో ఏఈఎస్ అన్నారు. మరి ఆ ఏఈఎస్ కీ ఎక్కడ పెడదాం? యాప్‌లోనే. దాన్ని ఎలా దాద్దాం? ఇంకో ఏఈఎస్‌తో. భోజనాల వేళయింది కాబట్టి అక్కడ ఆగారు. లేచేముందు ఒకరు రిమోట్ కాన్ఫిగ్ అన్నారు: యాప్‌లో కీ ఉండనే ఉండదు, తెరవగానే ఫైర్‌బేస్ నుంచి వస్తుంది. అవును, తెరిచిన ప్రతి ఫోన్‌కీ వస్తుంది. చప్పట్లు.

నోట్లు పోపుల డబ్బాలో ఆవాల కింద దాచి, ఆ డబ్బానే ఊరందరికీ పంచిపెట్టి, మూత మాత్రం గట్టిగా బిగించామని చెప్పుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

ఏపీకే అంటే జిప్ ఫైలు. అంతే, ఇంకే మాయా లేదు. విప్పడానికి ఎవరికైనా కావలసినవి ఇవి:

```
unzip -q app.apk -d out
strings out/lib/arm64-v8a/libsecrets.so | less
jadx -d src app.apk
```

రెండో లైన్ సీనియర్‌గారి సి ప్లస్ ప్లస్ కోసం. ఎక్సార్ కొట్టి ఉంటే కీ అక్కడ కనపడదు, ఒప్పుకుంటాను. కానీ ఆ లైబ్రరీలోంచి సాధారణంగా `Java_com_example_app_Keys_getSecret` లాంటి పేరొకటి బయటికి కనపడుతుంది. దొంగ మీ సి ప్లస్ ప్లస్ చదవక్కర్లేదు. అదే ప్యాకేజీ పేరు, అదే క్లాసు పేరుతో ఖాళీ యాప్ ఒకటి చేసి, మీ లైబ్రరీని లోడ్ చేసి, ఆ ఫంక్షన్‌ని పిలిస్తే చాలు. మీరు అంత శ్రమపడి రాసిన విప్పే కోడే కీని విప్పి చేతిలో పెడుతుంది. పిలిచింది మన యాపేనా అని సంతకం తనిఖీ పెట్టారా? ఫ్రిడా అనే పనిముట్టుతో అసలు యాప్ నడుస్తుండగానే ఆ ఫంక్షన్ తిరిగిచ్చే విలువని పట్టుకుంటారు. అదీ వద్దనుకుంటే, కీ ఎలాగూ గేట్‌వేకి పోయే రిక్వెస్టు హెడర్‌లో ఉంటుంది, దారి మధ్యలో మిట్మ్‌ప్రాక్సీ పెట్టి అక్కడ చూస్తారు. గేట్‌వే సర్టిఫికెట్‌ని తప్ప ఇంకోదాన్ని నమ్మకుండా యాప్‌లో సర్టిఫికెట్ పిన్నింగ్ చేసినా, ఫోన్ వాళ్లది, దాన్నీ పీకేస్తారు. యాప్ ఏదో ఒక క్షణంలో కీని చదివి తీరాలి. ఫోన్ సొంతదారు ఆ క్షణం కోసం తీరిగ్గా కూర్చోగలడు. ఆలస్యం చేయగలరు తప్ప ఆపలేరు.

"చిన్న యాప్ సార్, మా కీ ఎవడికి కావాలి?" అని ఒక ప్రశ్న ఉంటుంది. 2017 నవంబరులో యాప్‌థారిటీ అనే భద్రతా సంస్థ 'ఈవ్స్‌డ్రాపర్' పేరుతో ఒక సంగతి బయటపెట్టింది. ఎస్సెమ్మెస్‌లూ కాల్సూ పంపిపెట్టే ట్విలియో ఖాతాల రహస్యాలను డెవలపర్లు కోడ్‌లోనే రాసేసిన యాప్‌లు సుమారు 700. వాటి వెనకున్న డెవలపర్ ఖాతాలు 85. అంటే ఒక్కో డెవలపర్ ఒకే కీని తన యాప్‌లన్నిటికీ పంచిపెట్టాడు. ట్విలియోలో లోపమేమీ లేదు. ఆ కీతో ఎస్సెమ్మెస్‌లు పంపడమే కాదు, పంపినవాటిని తిరిగి చదవొచ్చు, కాల్ వివరాలూ రికార్డింగులూ తీసుకోవచ్చు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. బ్యాలెన్స్ పోతే కంపెనీది పోతుంది, పోనివ్వండి. గేట్‌వే రిపోర్టులో ఉండే ఫోన్ నంబర్లు ఎవరివి? పాలప్యాకెట్ కోసం యాప్ వేసుకున్న పెద్దావిడవి. ఆవిడకి ఎక్సార్ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మిమ్మల్ని నమ్మి నంబరిచ్చింది. సర్వర్ అద్దె మిగుల్చుకోవడానికి ఆవిడ నంబర్ని వీధిలో పారేసి, దాని మీద బేస్64 అని రాసి, పైగా మీటింగులో చప్పట్లు కొట్టుకుంటారా? అంతా బయటపడ్డాక "ఆ జూనియర్ కుర్రాడు చేశాడు" అంటారా? ఆ కుర్రాడికి సర్వర్ ఇవ్వనిది ఎవరు?

కావలసింది ఓ చిన్న సర్వర్, కొంచెం సిగ్గు. యాప్ తన సర్వర్‌కి ఫోన్ నంబరు మాత్రమే పంపుతుంది. ఓటీపీ తయారుచేసేది సర్వర్, గేట్‌వేకి కీ చూపించేది సర్వర్. ఆ కీ సీక్రెట్ మేనేజర్‌లో ఉంటుంది. గేట్‌వేలో వీలుంటే ఆ సర్వర్ ఐపీ నుంచి తప్ప చెల్లకుండా కట్టేయాలి. యాప్‌కి వెనక్కి వచ్చేది "పంపాం" అన్న జవాబొక్కటే. కస్టమర్ కొట్టిన అంకెల్ని పోల్చేదీ సర్వరే, సరిపోతే కొద్దిసేపే చెల్లే టోకెన్ ఇచ్చేదీ సర్వరే. ఓటీపీని యాప్‌లోనే పుట్టించి యాప్‌లోనే పోల్చే మహానుభావులూ ఉన్నారు. వాళ్ల గురించి ఇంకో వారం.

అలాగని సర్వర్ పెట్టగానే దుప్పటి కప్పుకుని పడుకోకండి. ఇప్పుడు మీ ఓటీపీ అడ్రస్ అందరికీ తెలుసు, స్క్రిప్టు రాసి రాత్రంతా కొట్టేవాళ్లుంటారు. ఒక నంబరుకి గంటకి ఇన్ని, ఒక ఐపీకి ఇన్ని, రోజు మొత్తానికి ఇంత ఖర్చు అని పరిమితి పెట్టాలి. కస్టమర్లు ఇక్కడివాళ్లే అయితే +91 తప్ప మిగతావన్నీ మూసేయాలి. అడుగుతున్నది అసలు యాపేనా అని చూసే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పెడితే నకిలీ యాప్‌ల గొడవ తగ్గుతుంది, పూర్తిగా పోదు.

అన్ని కీలూ ఇలాంటివి కావు. రేజర్‌పేలో `key_id` యాప్‌లో ఉండొచ్చు, `key_secret` మాత్రం సర్వర్ దాటకూడదు. గూగుల్ మ్యాప్స్ కీ యాప్‌లోనే ఉంటుంది, ప్యాకేజీ పేరుకీ సంతకం వేలిముద్రకీ కట్టేస్తారు. ఆ రెండింటినీ నకలు చేయొచ్చు కాబట్టి ఆ కీతో మ్యాప్ ఒక్కటే పనిచేసేలా బిగించి, కోటా పెట్టాలి.

ఇదంతా విన్నాక మేనేజర్‌గారు తప్పకుండా అనే మాట: "కొత్త వెర్షన్‌లో కీ తీసేశాం, ఇక సేఫ్." పాత ఏపీకేలు డౌన్‌లోడ్ సైట్లలో అలాగే ఉంటాయి సార్. యాప్‌లోంచి తీసేయడం కాదు, గేట్‌వేలో ఆ కీని రద్దు చేయాలి, ఈరోజే. పాత వెర్షన్‌లో లాగిన్ ఆగిపోతుందని ఆయన బెంగపడితే, ఆ కీతో నిన్న రాత్రి ఎన్ని ఎస్సెమ్మెస్‌లు పోయాయో గేట్‌వే రిపోర్టు తెరిచి ఆయన ముందే పెట్టండి.