ఓట్లు సమానంగా పంచని పాపం మనదే

ఒడిశాలోని మన పర్లాకిమిడి టీ కొట్ల దగ్గర, సీట్ల లెక్క తప్పిందని ఎగ్జిట్ పోల్స్ వాళ్ళని తిట్టే పెద్దలకి ఒక విన్నపం. తప్పు వాళ్ళది కాదండి, మనది. 2024 మే 13న ఇక్కడ మనమూ, సరిహద్దు దాటితే ఆంధ్రా పాతపట్నంలో మన వియ్యాలవారూ ఒకే రోజు ఓటేశాం. ఆఖరి విడత ముగిసేదాకా పోల్స్ బయటపెట్టకూడదని చట్టం కాబట్టి జూన్ 1 సాయంత్రం దాకా టెన్షన్ పడ్డాం. అప్పుడు ఒక పేరున్న సంస్థ ఒడిశా అసెంబ్లీలో బీజేపీకి 62 నుంచి 80, బీజేడీకి కూడా అచ్చంగా 62 నుంచి 80 సీట్లని తేల్చింది. మెజారిటీకి కావాల్సింది 74. అంటే వీళ్ళు గెలవచ్చు, వాళ్ళు గెలవచ్చు, లేదా ఎవరూ గెలవకపోవచ్చు. ఇంత పకడ్బందీగా మా సిద్ధాంతిగారు కూడా ముహూర్తం పెట్టలేరు.

జూన్ 4న బీజేపీకి 78, బీజేడీకి 51 వచ్చాయి. పాపం సర్వేవాళ్ళు సగం పాసయ్యారు. ఇంతకీ ఓట్లెవరికెక్కువ? బీజేడీకి 40.22 శాతం, బీజేపీకి 40.07. ఓడినవాళ్ళకే కాస్త ఎక్కువ! రెండు పార్టీల ఓట్లూ దాదాపు సమానమన్న సర్వే అక్కడ నిజమే చెప్పింది, సీట్ల దగ్గరే బోర్లా పడింది.

ఎలాగంటారా? మూడు నియోజకవర్గాలు, ఒక్కోదాంట్లో వంద ఓట్లు అనుకోండి. మొదటిదాంట్లో ఒక పార్టీకి 60, రెండోదానికి 40. మిగతా రెండు చోట్లా 49, 51. మొత్తం చూస్తే మొదటి పార్టీకి 158, రెండోదానికి 142, సీట్లు మాత్రం ఒకటి, రెండు. ఇప్పుడు ఆ రెండు చోట్లా వందకి ఇద్దరు మనసు మార్చుకున్నారనుకోండి, మొత్తం మూడూ మొదటి పార్టీవే. వెయ్యిమందిని అడిగితే ఎంత పద్ధతిగా అడిగినా అటూ ఇటూ మూడు శాతం తేడా మామూలే, అలాంటిది ఇద్దరి మనసు ఎక్కడ చిక్కుతుంది? అసలు ప్రతి నియోజకవర్గంలో వెయ్యిమందిని ఎవరడుగుతారు, రాష్ట్రం మొత్తం ఓట్లు లెక్కగట్టి పాత ఎన్నికల ఫలితాల మీద అటూ ఇటూ జరిపి సీట్లుగా మారుస్తారు గానీ.

ఆపైన మన నోరొకటి. బూత్ బయట సర్వే కుర్రాడు ఒడియాలో అడుగుతాడు, పక్కనే పార్టీ కండువా వేసుకున్నవాడు చెవులు రిక్కించి ఉంటాడు.

"ఎవరికేశారు తాతా?"

"శంఖానికే బాబూ, ఇంకెవరికేస్తాం?"

శంఖం అప్పట్లో అధికారంలో ఉన్న బీజేడీ గుర్తు మరి. వేరే పేరు చెప్పాక రేపు పింఛన్ ఆగితే ఈ కుర్రాడిస్తాడా? అసలు ఆగి జవాబు చెప్పేవాడికీ, తలొంచుకుని వెళ్ళిపోయేవాడికీ ఓటు ఒకటే అని ఎవరన్నారు? భయం అందరినీ ఒకే వైపు అబద్ధమాడిస్తే లక్షమందిని అడిగినా అదే అబద్ధం లక్షసార్లు వినపడుతుంది, శాంపిల్ పెద్దదని టీవీలో మాత్రం గర్వంగా చెప్పుకోవచ్చు.

కాబట్టి వచ్చే ఎన్నికల్లో దయచేసి ప్రతి నియోజకవర్గంలోనూ ఒకే శాతంలో ఓటేయండి. కుదరదంటే, పందెం కాసే మా బావ కనీసం ఆ 62కీ 80కీ మధ్య 74 ఉందో లేదో చూసుకుని కాయాలి.