ఫీజుగారి దగ్గర శిష్యరికం

ప్రతి తెలుగు ఇంట్లో ఏటా ఠంచనుగా ఇంక్రిమెంటు పుచ్చుకునే వ్యక్తి ఒకరున్నారు. నాన్న కాదు, అమ్మ అసలే కాదు, కాలేజీ ఫీజు. దానికి అప్రైజల్ లేదు, మేనేజర్ ముందు చేతులు కట్టుకుని నిలబడే పని లేదు, "ఈ ఏడాది కంపెనీ పరిస్థితి బాగోలేదు" అనే మెయిల్ దానికి ఎప్పుడూ రాదు. తెలంగాణలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ఫీజులను టీఏఎఫ్ఆర్‌సీ అనే కమిటీ మూడేళ్ల బ్లాకుకు ఒకసారి ఖరారు చేస్తుంది కాబట్టి అక్కడ ఫీజు కాస్త ఆయాసపడుతూ మెట్లెక్కుతుంది, డీమ్డ్ యూనివర్సిటీలకు ఆ కమిటీ బెడద లేదు కాబట్టి నేరుగా లిఫ్టులో పోతుంది. ఇంత క్రమశిక్షణ ఉన్నవారిని మనం పొద్దున లేస్తే తిట్టుకుంటున్నాం. తిట్లు ఆపి, వారి దగ్గర శిష్యరికం చేయాలన్నది నా ప్రతిపాదన.

ముందు గురువుగారి సత్తా చూద్దాం. మీ పాపకు మూడేళ్లు. పద్దెనిమిదో ఏట ఏదో ఒక డీమ్డ్ యూనివర్సిటీలో బీటెక్ చేరుతుంది, ఈరోజు అక్కడ ట్యూషన్ ఫీజు ఏడాదికి 3 లక్షలు అనుకుందాం. హాస్టల్, ల్యాప్‌టాప్, ఫ్రెషర్స్ పార్టీ చీర, వీటి జోలికి పోవద్దు, బీపీ వస్తుంది. ఫీజు ఏటా 10 శాతం పెరుగుతుందనుకుంటే, పదిహేనేళ్ల తర్వాత మొదటి ఏడాది ఫీజు 12.5 లక్షలు, ఆ తర్వాత వరుసగా 13.8, 15.2, 16.7 లక్షలు. మొత్తం 58 లక్షల చిల్లర. పది శాతం అన్నది నా ఊహే, మీ కాలేజీ మనసు మంచిదైతే తగ్గించి వేసుకోండి. కానీ పేపర్లో వచ్చే ద్రవ్యోల్బణం చూసి ఏ 6 శాతమో మాత్రం వేసుకోకండి. ఆ అంకెలో ఉల్లిపాయలు, కందిపప్పు, ఇంటద్దె కూడా ఉంటాయి. ఉల్లిపాయ ధర అప్పుడప్పుడు తగ్గుతుంది, ఫీజుకు ఆ అలవాటు లేదు. 6 శాతంతో లెక్కేస్తే మొదటి ఏడాది ఫీజు 7.2 లక్షలే అని తేలి, ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. ఆ నిద్ర ఖరీదు పదిహేనేళ్ల తర్వాత తెలుస్తుంది.

ఇక్కడ చిన్న ఊరట. 58 లక్షలూ మొదటి రోజే అక్కర్లేదు, మొదటి ఏడాది ఫీజు కట్టాక మిగతాది ఎఫ్‌డీలో ఉంటుంది కదా. పన్ను పోను 6 శాతం వస్తుందనుకుంటే, చేరే రోజుకు 53 లక్షలు చేతిలో ఉంటే నాలుగేళ్లూ గట్టెక్కుతాయి. దానికి నెలకెంత వేయాలి? మ్యూచువల్ ఫండ్లలో ఏడాదికి 10 శాతం రాబడి వస్తుందనుకుని (వస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వరు, ఇచ్చినవాడి నంబరు బ్లాక్ చేయండి) ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములా:

```
=PMT(1.1^(1/12)-1, 180, 0, -5304000)
```

సుమారు 13,300 రూపాయలు వస్తుంది. పదిహేనేళ్లపాటు, నెల తప్పకుండా. అదే డబ్బు పన్ను పోను 4.5 శాతం ఇచ్చే రికరింగ్ డిపాజిట్‌లో వేస్తానంటే, కాలేజీ నాలుగేళ్లూ అదే వడ్డీ అనుకుని, నెలకు 21,300 కావాలి. "మార్కెట్ అంటే నాకు భయం" అనే మాటకు నెలకు 8 వేల అద్దె అన్నమాట. ఆ భయానికీ అర్థం లేకపోలేదు. 2008 లాంటి ఏడాది సరిగ్గా పాప ఇంటర్‌లో ఉండగా వస్తే సగం ఫండు ఆవిరవుతుంది. అందుకే ఆఖరి రెండు మూడేళ్లలో డబ్బును మెల్లగా ఎఫ్‌డీలోకి దించుకోవాలి. అలా చేస్తే రాబడి కాస్త తగ్గుతుంది, ఆ మేరకు 13,300 కూడా కాస్త పెరుగుతుంది.

ఈ లెక్క మా బావగారికి చెబితే పెద్దగా నవ్వారు. "ఇంత గోల దేనికిరా? ఏడాదికి మూడు చొప్పున నాలుగేళ్లకు 12 లక్షలు. 180 నెలలతో భాగించు. 6,667. ఏడు వేలు వేస్తే ఇంకా మిగులుతుంది" అన్నారు. మా బావగారికి షాద్‌నగర్ దగ్గర 150 గజాల ప్లాటు కూడా ఉంది, "అది పాప చదువుకే" అంటూ ఉంటారు. సెమిస్టర్ ఫీజుకు ఆగస్టులో గడువు పెడితే అందులోంచి పాతిక గజాలు కోసి కౌంటర్‌లో ఎలా ఇస్తారో నేను అడగలేదు. అక్క వింటోంది.

విచిత్రం ఏమిటంటే, బావగారి లెక్క దాదాపు సరైనదే! ఫీజు పెరిగే వేగం, మీ డబ్బు పెరిగే వేగం రెండూ 10 శాతమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఇవాళ్టి ఫీజును నెలలతో భాగిస్తే చాలు. ఆయన మరిచిపోయింది ఒక్కటే, ఆ భాగం కూడా ఫీజు లాగే ఏటా 10 శాతం పెరగాలి. ఎఫ్‌డీ ఇచ్చే తక్కువ వడ్డీ, ఏడాది పొడుగునా ఒకే మొత్తం వేయడం వల్ల వచ్చే చిన్న తేడా కలిపితే మొదలుపెట్టాల్సింది 6,667 కాదు, 7,425. రెండో ఏడాది 8,170, మూడో ఏడాది 8,980, అలా పెరుగుతూ పదిహేనో ఏడాదికి నెలకు 28,200. గురువుగారి మార్గం ఇదే. ఏటా జూన్‌లో ఎవరి అనుమతీ అడక్కుండా పెంచడం, కారణం చెప్పకపోవడం.

అసలు శిష్యుడు జారిపోయేది ఇక్కడే. మొదటి మూడు పెంపులూ ఉత్సాహంగా జరుగుతాయి. ఆ తర్వాత కొత్త కారు, ఫ్లాటు ఈఎంఐ, మరదలి పెళ్లి. "ఈ ఒక్క ఏడాదికి పెంచొద్దులే" అని నాలుగో ఏడాది వేస్తున్న 9,880 దగ్గరే ఆగిపోయి, చివరిదాకా అంతే వేస్తూ పోయారనుకోండి. నెల తప్పలేదు, మంచి తండ్రి అని అందరూ మెచ్చుకున్నారు, పాప చేరే రోజుకు చూస్తే ఉన్నది 37 లక్షలు. తక్కువైంది 16 లక్షలు. ఆ 16 లక్షలు ఎడ్యుకేషన్ లోనుగా పాప నెత్తి మీదకు వెళ్తాయి. ఇలా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి జాతకం అక్కర్లేదు. ఏటా ఒకసారి ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో కొత్త ఫీజు చూసి, 53 లక్షల లెక్కను మళ్లీ వేసి, మిగిలిన నెలలకు ఎంత కావాలో పై ఫార్ములాలోనే మార్చి చూసుకోవాలి. ఆ ఫార్ములాలో మూడో అంకె సున్నా ఉంది చూడండి, ఇప్పటికే పోగైన డబ్బు మైనస్ గుర్తు లేకుండా అక్కడ రాయాలి.

బీటెక్ ఒక్కటే అనుకుంటున్నారా? మధ్యలో ఇంటర్ ఉంది. రెండేళ్ల కార్పొరేట్ హాస్టల్ ఇవాళ ఏడాదికి 2 లక్షలైతే, పాప చేరేసరికి రెండేళ్లకూ కలిపి 14.5 లక్షలు. సరిగ్గా అప్పుడే బీటెక్ ఫండు నిండుగా, బొద్దుగా కనిపిస్తుంది. "ముందు ర్యాంకు రానీ, తర్వాత చూద్దాం" అని అందులో చెయ్యి పెట్టని తండ్రి ఉంటే చెప్పండి, సన్మానం చేయిద్దాం. ఇంటర్‌ను కూడా మొదటి రోజే లెక్కలో కలిపితే 13,300 కాస్తా 17,500 అవుతుంది.

ఇదంతా విన్న బావగారు "మరి ఈ ఏడాది ఎల్‌కేజీ ఫీజు?" అన్నారు. అక్క ఈలోపు ఫోన్ తీసి 7,425తో ఎస్‌ఐపీ పెట్టి, ఏటా 10 శాతం టాప్-అప్ అన్నచోట టిక్ కూడా కొట్టేసింది. ఏ బ్యాంకు ఖాతా నుంచి డబ్బు కట్ అవుతుందో బావగారు ఇంకా అడగలేదు.