14 వేలు సరిచేసి ఫైలు మూసేస్తే ఎలా?

సెప్టెంబరు వచ్చిందంటే విశాఖ ద్వారకానగర్ ఆడిట్ ఆఫీసుల్లో రాత్రి పదింటికి కూడా లైట్లు ఆరవు. ఆ హడావిడిలో ఏటా చూసే తంతు ఒకటుంది. శాంపిల్‌గా తీసిన బిల్లుల్లో తప్పు దొరుకుతుంది. కంపెనీ అకౌంటెంట్ వెంటనే, "సార్, 14 వేలే కదా, ఎంట్రీ వేసేస్తాను" అంటాడు. ఎంట్రీ పడుతుంది, ఫైలు మూసుకుంటుంది. ఇది ఆడిట్ కాదని నా గట్టి నమ్మకం.

ఈ ఊళ్లోనే ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో చూసింది చెప్తాను, అంకెలు గుండ్రంగా. ఏడాది లారీ కిరాయి 12 కోట్లు. అందులో 60 బిల్లులు తీశారు. తీసిన పద్ధతిలో రూపాయిని లెక్కించారు గానీ బిల్లును కాదు. 12 కోట్లను 60తో భాగిస్తే 20 లక్షలు. ఎక్కడో ఒక చోట మొదలుపెట్టి, ప్రతి 20 లక్షల రూపాయలకు ఒక రూపాయిని పట్టుకుని, అది ఏ బిల్లులో ఉంటే ఆ బిల్లు తీశారు. అంటే ఒక్కో బిల్లు 20 లక్షల తరఫున వచ్చి నిలబడినట్టు.

ఒక బిల్లులో కిరాయి 50 వేలు రాశారు. టన్నుకు 5 వేలు చొప్పున 10 టన్నులు. దానికి పిన్ను కొట్టిన కాటా చీటీలో మాత్రం 8 టన్నులే ఉంది. రావాల్సింది 40 వేలు, అంటే ఐదోవంతు తప్పు. మరో బిల్లు 80 వేలు, కాటా ప్రకారం 76 వేలు. అక్కడ తప్పు ఇరవయ్యోవంతు. మొత్తం 14 వేలు.

ఇప్పుడు అసలు లెక్క. మొదటి బిల్లు 20 లక్షల తరఫున వచ్చింది కాబట్టి అందులో ఐదోవంతు, 4 లక్షలు. రెండోదానికి ఇరవయ్యోవంతు, లక్ష. మొత్తం బిల్లుల్లో తప్పు 5 లక్షలు ఉండొచ్చని అంచనా. 14 వేలు సరిచేశాక కూడా 4 లక్షల 86 వేలు అలాగే మిగిలి ఉంది!

అది కూడా అంచనాయే. అసలు తప్పు అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. 60 బిల్లుల్లో ఒక్క తప్పూ దొరక్కపోయినా, 95 శాతం నమ్మకంతో మనం అనగలిగేది "తప్పు 60 లక్షలు దాటదు" అనే. ఆడిటర్లు వాడే పట్టిక ప్రకారం 20 లక్షలకు మూడు రెట్లు అది. ఈ ఆడిటర్ భరించగలనని ముందే గీసుకున్న గీత కూడా సరిగ్గా 60 లక్షలే. తప్పులు దొరికితే ఆ హద్దు పెరుగుతుంది. అదే పట్టిక ప్రకారం మొదటి తప్పు 4 లక్షలకు 1.75 రెట్లు, అంటే 7 లక్షలు. రెండోదానికి 1.55 రెట్లు, లక్షా 55 వేలు. మొత్తం 68 లక్షల 55 వేలు. గీత దాటేసింది. 14 వేల ఎంట్రీతో ఇది వెనక్కి రాదు. ఇంకా బిల్లులు తీయాలి, లేదా కిరాయి ఖాతా అంతా తిరగేయమని యాజమాన్యాన్ని అడగాలి.

"అదేదో ఒక గుమాస్తా పొరపాటు, దాన్ని ఊరంతా పులమడం ఏం న్యాయం?" అనేవాళ్లున్నారు. నిజంగా ఒంటరి తప్పులు ఉంటాయి. కానీ ఆడిట్ శాంపిళ్ల మీద ఉన్న ఎస్ఏ 530 ప్రమాణం అలాంటివి అత్యంత అరుదు అంటుంది. ఒంటరిదని తేల్చాలంటే అదనంగా తనిఖీ చేసి గట్టి రుజువు తెచ్చుకోవాలి. ఫలానా పది రోజులు కొత్త గుమాస్తా కూర్చున్నాడంటే ఆ పది రోజుల బిల్లులన్నీ చూడాలి. అకౌంటెంట్ మాట రుజువు కాదు. ఇక్కడైతే బిల్లులు రాసే చోట కాటా చీటీ చూడకుండా లారీ కెపాసిటీనే టన్నులుగా వేస్తున్నారని తేలింది. లారీ నిండని ప్రతి ట్రిప్పులోనూ అదే తప్పు.

ఒక షరతు మాత్రం ఉంది. బిల్లులు ఎవరి చేతివాటమూ లేకుండా ఎంపికై ఉండాలి. కంపెనీవాళ్లు అట్టపెట్టెలో సర్ది ఇచ్చిన బిల్లుల నుంచి లెక్క విస్తరించకూడదు. అవి వాళ్లు చూపించదలచుకున్నవే తప్ప మొత్తానికి ప్రతినిధులు కావు.

నన్ను ఇంకా బాధపెట్టేది ప్రభుత్వ ఖాతాల సంగతి. కాగ్ నివేదికలు తెరిస్తే "తనిఖీ చేసిన కేసుల్లో" అన్న మాట పదేపదే కనిపిస్తుంది. అన్ని కోట్లూ ఆ కాసిని ఫైళ్లవే. శాఖ ఆ ఫైళ్ల వరకు వసూలు చేసి జవాబు పంపుతుంది. తనిఖీకి రాని ఆఫీసుల్లో అదే తప్పు ఎంతుందో మామూలుగా అంకె ఉండదు. అమెరికాలో వృద్ధుల వైద్య బీమా మెడికేర్‌లో శాంపిల్ నుంచి లెక్కగట్టి ఆసుపత్రుల నుంచి డబ్బు వెనక్కి రాబడతారు. అన్యాయం జరక్కుండా మామూలుగా అంచనా కింది హద్దు వరకే అడుగుతారు. మన దగ్గర వసూలు తర్వాత మాట, కనీసం లాటరీ పద్ధతిలో ఫైళ్లు ఎంచిన చోటైనా ఆ అంచనాను, దాని పై హద్దును, కింది హద్దును నివేదికలో అచ్చు వేయాలి. అప్పుడు శాఖకు ఆ నాలుగు ఫైళ్లకే జవాబిచ్చి ఊరుకోవడం కుదరదు.