పార్వతీపరమేశ్వరుల చేతే దండం పెట్టించారు

ఆదివారం పొద్దున మల్లేశ్వరంలో మా ఇంట్లో ఐదారుగురం తెలుగువాళ్లం కూర్చుని రఘువంశం చదువుకుంటున్నాం. మొన్న మా గుంపులో చిన్నవాడైన సాఫ్ట్‌వేర్ అబ్బాయి మొదటి శ్లోకాన్ని, ప్రతి మాటకూ విభక్తీ వచనం రాసిచ్చే ఏదో ట్యాగర్‌లో వేసి ప్రింటు తీసుకొచ్చాడు. "విభక్తులన్నీ వచ్చేశాయండీ, ఇక అర్థం చెప్పుకోవడమే" అన్నాడు. ఆ కాగితం చూశాక నాకు వచ్చిన చిరాకే ఈ పోస్టు.

శ్లోకం అందరికీ తెలిసిందే.

వాగర్థావివ సంపృక్తౌ వాగర్థప్రతిపత్తయే
జగతః పితరౌ వందే పార్వతీపరమేశ్వరౌ

కాగితంలో మూడో పాదం దగ్గర ఇలా ఉంది:

```
jagataḥ   Case=Abl|Number=Sing
pitarau   Case=Nom|Number=Dual
vande     Person=1|Number=Sing
```

ఏ వరుసకు ఆ వరుస విడిగా చూస్తే తప్పు కనపడదు. పితరౌ ప్రథమా ద్వివచనం కావచ్చు, శబ్దమంజరిలో ఉంది. జగతః పంచమి కావచ్చు, అదీ ఉంది. తంటా అంతా అక్కడే. ట్యాగర్ లేని రూపాన్ని పుట్టిస్తే మనం ఇట్టే పట్టుకుంటాం. ఇది ఉన్న రూపాల్లోంచే కానిదాన్ని ఎంచుకుంది, కన్ను జారిపోతుంది.

సంస్కృతంలో ద్వివచనానికి ప్రథమ, ద్వితీయ, సంబోధన మూడూ ఒకటే రూపం. ఈ శ్లోకంలో అలాంటి మాటలు నాలుగున్నాయి. జగతః పంచమి కావచ్చు, షష్ఠి కావచ్చు. సంపృక్తౌ ఇంకా గడుసుది: 'సంపృక్తి' అనే ఇకారాంత శబ్దానికి సప్తమీ ఏకవచనం కూడా అదే. మూడు, నాలుగు, మూడు, మూడు, రెండు హెచ్చవేసుకుంటే 216 వస్తుంది. అందులో మనకు కావలసింది ఒక్కటి.

మావాడు మొదటి మాట నుంచి వరసగా సరిచూడబోయాడు. అలా కాదు, ముందు క్రియ పట్టుకోమన్నాను. వందే ఉత్తమ పురుష ఏకవచనం, అంటే కర్త 'నేను'. పితరౌ, పార్వతీపరమేశ్వరౌ ప్రథమలో ఉంటే వాళ్లే కర్తలవుతారు. అప్పుడు క్రియ 'వందేతే' అని ఉండాలి. అంటే ఆ కాగితం ప్రకారం ఆదిదంపతులే ఎవరికో దండం పెడుతున్నారు! ఒక వరుసలో ద్వివచనపు కర్త, కింది వరుసలో ఏకవచనపు క్రియ. రెండూ పక్కపక్కనే ఉన్నా ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంకా అనుమానం ఉంటే మాట మార్చి చూడాలి. రూపాలు కలిసిపోయే ద్వివచనం తీసేసి, విడిగా కనపడే ఏకవచనం పెట్టండి. 'శివః వందే' అంటే చెవికే నచ్చదు. 'శివం వందే' అంటాం. కాబట్టి ద్వితీయ. ఉపమానానికీ ఉపమేయం విభక్తే వస్తుంది కనుక వాగర్థౌ కూడా ద్వితీయే. జగతః బదులు బహువచనం పెడితే 'జగతాం పితరౌ' కుదురుతుంది, 'జగద్భ్యః పితరౌ' కుదరదు. షష్ఠి తేలిపోయింది. సంపృక్తౌ సప్తమి అనుకుంటే "వాక్కు, అర్థం లాగా, కలయికలో" అని ఏదో అర్థం వచ్చినట్టే ఉంటుంది. కానీ ఎవరు దేనిలాగా ఉన్నారో చెప్పే మాట పోయి, 'ఇవ' గాల్లో వేలాడుతుంది. ఇది పట్టుకోవడానికి నాకూ చాలాసేపు పట్టింది.

సరే, నా పరువూ కొంచెం పోయింది. ట్యాగర్ వాగర్థావివను ఒకే పదంగా ఉంచిందని ఎర్ర పెన్నుతో గట్టిగా కొట్టేశాను. మాకు పాఠం చెప్పే మాస్టారు నవ్వి మల్లినాథుడి సంజీవని వ్యాఖ్య తెరిచారు. మన మెదక్ వైపు కోలాచలంవాడే ఆయన. 'ఇవ'తో నిత్యసమాసం, విభక్తి లోపించదు, కనుక ఒకే పదం అని రాశాడు. అంటే నేను తప్పన్నది తప్పు కాదు, పద్ధతి తేడా. అప్పట్నుంచి తప్పులకు ఒక రంగు, పద్ధతి తేడాలకు ఇంకో రంగు వాడుతున్నాను.

పితరౌ పక్కన మూలశబ్దం 'పితృ, తండ్రి' అని వచ్చింది. మావాడు "ఇద్దరు తండ్రులా?" అన్నాడు. అది ట్యాగర్ తప్పు కాదు, మూలశబ్దం పితృయే. తల్లీ తండ్రీ కలిసి పితరౌ అయ్యే ఏకశేషం పాణిని 'పితా మాత్రా' సూత్రంలో ఉంది. అది మనం చేత్తో రాసుకోవాల్సిందే.

నా గొడవ ట్యాగర్‌తో కాదు, ఒక్కటే జవాబు చూపించే దాన్ని కళ్లు మూసుకుని నమ్మడంతో. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ల సంసాధనిలో పదవిశ్లేషణకు ఇస్తే కుదిరే రూపాలన్నీ వరసగా చూపిస్తుంది. చూడ్డానికి విసుగే, కానీ అనుమానించాల్సిన చోటు అక్కడే కనపడుతుంది.

చివర్లో మావాడు పార్వతీపరమేశ్వరౌను 'పార్వతీప, రమేశ్వర' అని విడగొట్టి, శివకేశవులు అంటారుగా, దానికి ట్యాగ్ ఏమిటండీ అనడిగాడు. అదే ట్యాగ్. ద్వితీయా ద్వివచనం.