చుట్టాలొచ్చినప్పుడే నీడ

హన్మకొండలో మా ఇంటికంతటికీ ఒకటే కంప్యూటర్. నాలుగు జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మా ఆవిడ చీటీల లెక్కలు, నా ఆఫీసు కాగితాలు ఏళ్లుగా మోస్తోంది. మొన్న మావాడు దాని నెత్తిన సూర్యుణ్ణి కూడా పెట్టాడు.

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో వాడు కాకతీయ తోరణం కట్టాడు. అందులో రాయి రాయిలా లేదట. అందుకని రాళ్ల రూపు మార్చే రిసోర్స్ ప్యాక్ తెచ్చి, `resourcepacks` ఫోల్డర్‌లో విప్పి పెట్టాడు. గేమ్‌లో దాని జాడ లేదు. చూస్తే ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్, దాని లోపల `pack.mcmeta`. గేమ్ మొదటి గడపలోనే ఆ ఫైల్ కోసం చూస్తుంది, నడింట్లోకి వచ్చి వెతకదు. జిప్ విప్పకుండా అలాగే పెడితే సరిపోయింది.

మామూలు రాయి ఒక్కో ముఖం మీద 16×16 చుక్కలు. వాడు తెచ్చింది 128×128. "ఎనిమిది రెట్లే కదా బాపూ" అన్నాడు. అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది, వెరసి 64 రెట్లు. ట్యూషన్ ఫీజు గుర్తొచ్చింది. అదంతా ఆ నాలుగు జీబీలోనే సర్దుకోవాలి కాబట్టి, పంచాయితీ పెట్టి 32 దగ్గర రాజీ కుదిర్చాం.

అసలు కథ వెలుగునీడలు అద్దే షేడర్‌ది. గేమ్ దాన్ని సొంతంగా నడపలేదు, ఐరిస్ అనే మాడ్ కావాలి. అది వేసి, జిప్‌ను `shaderpacks`లో పెట్టాడు. తోరణం నీడ నేల మీద పడింది. అంతే, F3 నొక్కితే 60 ఉండే ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు గీసే ఫ్రేముల లెక్క, 7కు పడిపోయింది. ఫ్యాన్ మోత విని, "మిక్సీ ఎవరు పెట్టిండ్రు?" అని వంటింట్లోంచి కేక.

నీడ ఎక్కడ పడాలో తెలియాలంటే కంప్యూటర్ ముందు సూర్యుడి వైపు నుంచి చూస్తూ లోకాన్ని గీయాలి, ఆ తర్వాత మావాడి కళ్లతో మళ్లీ గీయాలి. అదీ ప్రతి ఫ్రేముకు. జీతం ఒకటే, డ్యూటీలు రెండు.

మావాడి వైద్యం వేరే. గేమ్‌కు రెండు జీబీ చాలట్లేదని లాంచర్‌లో `-Xmx3G` రాశాడు. మిగిలిన ఒక్క జీబీలో విండోస్, గ్రాఫిక్స్ కొట్టుకుని చివరికి మౌస్ కూడా కదల్లేదు. అది మళ్లీ రెండుకు తెచ్చి, షేడర్ సెట్టింగ్స్‌లో నీడలు ఆపేసి, రెండర్ డిస్టెన్స్ 12 నుంచి 6కు దించితే 24 వచ్చింది. నీళ్ల తళుకు ఉంది, ఆకులు ఊగుతున్నాయి. తోరణానికి మాత్రం నీడ లేదు, దయ్యంలా నిలబడింది.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి ఏమిటంటే, ఆడేటప్పుడు K నొక్కి షేడర్‌నే తీసేస్తాడు. వరంగల్ నుంచి మా బావమరిది వస్తే నీడలతో సహా పెడతాడు. "మామా, కదలకు, అట్లనే చూడు" అంటాడు. సోఫా కవర్లు కూడా అప్పుడే తీస్తాం.