బూస్టర్ యాప్ వద్దు బావా!

"బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో సౌండ్ తగ్గిందా? బ్యాటరీ పాతబడింది! 1. బూస్టర్ యాప్ వేసి 200 శాతం పెట్టండి. 2. జాలీని గుండుసూదితో పొడవండి. 3. హెడ్‌ఫోన్‌ను రీసెట్ చేయండి. పదిమందికి పంపండి."

ఈ వాట్సాప్ ఫార్వర్డ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. మొదట పంపింది మారతహళ్ళిలో ఉండే మా బావ.

బ్యాటరీ సంగతి: పాతబడితే తొందరగా అయిపోతుంది. పాట గుసగుసలాడదు. గుండుసూది: పొడిస్తే జాలీ చిరుగుతుంది, అంతే. ఒక్క చెవిలోనే సౌండ్ తగ్గితే మాత్రం గులిమి అడ్డుపడి ఉండొచ్చు. మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి.

అసలు కోపం బూస్టర్ మీద. బావ హెడ్‌ఫోన్ చూద్దాం. ఫోన్‌లో వాల్యూమ్ ఫుల్, మెట్రోలో మాత్రం ఏమీ వినపడదు. హెడ్‌ఫోన్ మీదున్న ప్లస్ బటన్ నొక్కించాను. సౌండ్ పెరిగింది, ఫోన్ స్క్రీన్ మీద గీత కదల్లేదు. అంటే ఇక్కడ కుళాయిలు రెండు. ముందురోజు రాత్రి ల్యాప్‌టాప్‌తో సినిమా చూస్తూ హెడ్‌ఫోన్ కుళాయి బాగా తగ్గించేసి మరిచిపోయాడు. ఆ సంగతి ఫోన్‌కు తెలీదు. ఇప్పుడు బూస్టర్ పెడితే? పాటలో గట్టి చోట్లు నెత్తి తెగి గరగరమంటాయి. ఎప్పుడో ఒకరోజు హెడ్‌ఫోన్ వాల్యూమ్ పెంచారనుకోండి, 200 శాతం నేరుగా చెవిలోకే. మహా గొప్ప వైద్యం!

చేయాల్సింది: ఫోన్ వాల్యూమ్ బాగా తగ్గించండి, హెడ్‌ఫోన్ బటన్‌తో దాని వాల్యూమ్ దాదాపు ఫుల్ చేయండి, తర్వాత ఫోన్‌లో మెల్లగా పెంచుకోండి. బావకు అంతటితో సరిపోయింది.

కొన్ని హెడ్‌ఫోన్‌లు ఇంకో రకం. ఫోన్ వాటికి 0 నుంచి 127 దాకా ఒక అంకె పంపి "ఇంత పెట్టుకో" అంటుంది. అవి సరేనని తలూపి, పెంచవు. ఆండ్రాయిడ్‌లో అయితే ఫోన్ వివరాల్లో Build number మీద ఏడుసార్లు నొక్కి, Developer options తెరిచి, Disable absolute volume ఆన్ చేయండి. బ్లూటూత్ తెంచి మళ్ళీ కలపండి. ఇక రెండు వాల్యూమ్‌లు వేరు, పైన చెప్పిన పద్ధతే. హెడ్‌ఫోన్‌కు సొంత వాల్యూమ్ బటన్ లేకపోతే ఇది ఎదురు తన్నొచ్చు. సౌండ్ ఇంకా తగ్గితే ఆ స్విచ్ వెనక్కి తిప్పేయండి. ఐఫోన్‌లో ఈ స్విచ్ లేదు.

మూడోదాన్నీ ఉతికేద్దామనే కూర్చున్నాను. కానీ ఒప్పుకోవాలి: మా ఆవిడ ఇయర్‌బడ్స్ రీసెట్ చేసి మళ్ళీ జత చేస్తేనే బాగయ్యాయి. ఫోన్‌లో పాత జతను Forget కొట్టకుండా చేసిన మొదటిసారి మాత్రం అవి కలవనే లేదు. ఆ ముక్క ఫార్వర్డ్‌లో లేదు మరి.