కన్సాలిడేటెడ్ జీతమా, స్కేలా? ఒక వాదోపవాదం

వాదాంశం: "ప్రైవేటు బడుల్లో, కాలేజీల్లో నెలకు ఇంత అని కన్సాలిడేటెడ్‌గా ఇస్తే చాలదా, స్కేలు ఉండాలా? జీతంలోంచి కోసేది సరిగ్గానే కోస్తున్నారని ఎలా తెలుసుకోవాలి?"

వాదించేవారు ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాల కరస్పాండెంట్, అధ్యాపక సంఘంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్. వింటున్నవారిలోంచి ఒక గణితం టీచర్ మధ్యలో కల్పించుకుంటారు.

కరస్పాండెంట్: మా బడికి ఫీజులు తప్ప వేరే రాబడి లేదు. ఆ ఫీజులు కూడా జూన్‌లో కొంత, దసరా తర్వాత కొంత, పరీక్షల ముందు కొంత వస్తాయి, కొందరివి ఎన్నటికీ రావు. ఈ పరిస్థితిలో బేసిక్, డీఏ, ఏటేటా ఇంక్రిమెంటు అంటూ ప్రభుత్వ స్కేలు తలకెత్తుకుంటే నాలాంటి వాళ్లు బడి నడపలేరు. చేరిన రోజునే ఇంత ఇస్తామని చెప్పి, చెప్పినది ఇవ్వడంలో అన్యాయం ఏముంది?

లెక్చరర్: కరస్పాండెంట్ గారూ, ప్రభుత్వ స్కేలే ఇవ్వండని నేను అనడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ప్రకారం ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకు, మరో 15 శాతం భవిష్య నిధి, గ్రాట్యుటీ వంటి వాటికి వెళ్లాలి. యాజమాన్యం లాభంగా తీసుకోదగినది 5 శాతమే. ఆ సగంలోనే మీ బడికి తగ్గ సొంత స్కేలు రాసుకోవచ్చు. మూల వేతనం ఎంత, ఇంక్రిమెంటు ఏ నెలలో ఎంత అన్నది కాగితం మీద ఉంటే, పదేళ్లు పనిచేసిన టీచరు నిన్న చేరిన టీచరుతో సమానంగా మీ గది ముందు నిలబడి పెంపు అడుక్కోవలసిన అవసరం ఉండదు. కన్సాలిడేటెడ్‌లో నన్ను బాధపెట్టేది మొత్తం చిన్నదని కాదు. ఆ మొత్తంలో ఏది వేతనమో, ఏది భత్యమో ఉద్యోగికి తెలియకపోవడమే నా అభ్యంతరం.

కరస్పాండెంట్: కాగితం మీద స్కేలు ఉన్న చోట జరిగేది కూడా చెప్పండి మాస్టారూ. కొన్ని ఇంజనీరింగ్ కాలేజీలు తనిఖీ బృందానికి చూపడానికి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఖాతాలో పూర్తి జీతం వేసి, వారం తిరక్కముందే అందులో కొంత నగదుగా వెనక్కి తీసుకుంటాయని మీకు తెలియదా? దానికంటే నేను ఇచ్చే ఒకే మొత్తం నిజాయితీ గలది.

లెక్చరర్: తెలుసు, దానిని నేను సమర్థించను. అక్కడ అధ్యాపకుడు తనకు దక్కని డబ్బు మీద కూడా ఆదాయపు పన్ను లెక్క చూపవలసి వస్తుంది. అయితే ఆ తప్పు స్కేలుది కాదు, దానిని ఎగ్గొట్టేవారిది.

టీచర్: సార్, స్కేలు సంగతి నాకు అంతగా తెలియదు గానీ నా స్లిప్పు ఒకసారి చూడండి. నా కన్సాలిడేటెడ్ 22,000 రూపాయలు. స్లిప్పులో బేసిక్ 7,000, ఇంటద్దె 5,000, ప్రత్యేక భత్యం 10,000 అని విడగొట్టారు. పీఎఫ్ కింద 1,680, వృత్తి పన్ను 200 పోగా చేతికి 20,120 వస్తోంది. పీఎఫ్ కోస్తున్నారు కాబట్టి నాది స్కేలు ఉద్యోగం కిందికే వస్తుందని అనుకున్నాను.

లెక్చరర్: లేదమ్మా, పీఎఫ్‌కూ స్కేలుకూ సంబంధం లేదు. కన్సాలిడేటెడ్ ఉద్యోగికీ పీఎఫ్ వర్తిస్తుంది. మీ పీఎఫ్ పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా గడిలో ఎంత ఉంది?

టీచర్: 840. యజమాని వాటా గడిలో 257, పింఛను గడిలో 583.

లెక్చరర్: స్లిప్పులో 1,680 కోసి, పాస్‌బుక్‌లో మీ వాటాగా 840 మాత్రమే చూపారంటే, తక్కిన 840 యజమాని చెల్లించవలసిన వాటా. దానినీ మీ జీతంలోంచే తీసుకున్నారు. ఒప్పందంలో ఏమి రాసుకున్నా సరే, యజమాని తన వాటాను సభ్యుడి వేతనంలోంచి కోయకూడదని పీఎఫ్ పథకం 31వ పేరా స్పష్టంగా చెబుతోంది. స్లిప్పులోని కోతను పాస్‌బుక్‌లోని ఉద్యోగి వాటాతో పోల్చి చూస్తే ఈ తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

కరస్పాండెంట్: ఒక్క మాట. జీతం 15,000 దాటిన వారికి పీఎఫ్ కట్టనక్కరలేదు. ఈమెకు ఎవరో కడుతున్నారంటేనే అది వారి మంచితనం.

లెక్చరర్: మీరన్నది సగం నిజం. ఇంతకుముందు ఎన్నడూ సభ్యులు కానివారు 15,000 దాటిన వేతనంతో కొత్తగా చేరితే వారిని చేర్చుకోకపోవచ్చు. అమ్మా, మీకు ఇంతకుముందే యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యత్వ సంఖ్య ఉందా?

టీచర్: ఉంది సార్. పాత బడిలో 12,000 జీతానికి చేరినప్పుడే ఇచ్చారు. ఆ డబ్బు తీయలేదు.

లెక్చరర్: అయితే మీ సభ్యత్వం కొనసాగుతుంది, కొత్త బడి కట్టవలసిందే. ఇక బేసిక్ 7,000 సంగతి. పశ్చిమ బెంగాల్‌లోని వివేకానంద విద్యామందిర్ కేసులో 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అదీ ఒక బడి కేసే. అందరికీ ఒకే తీరుగా ఇచ్చే ప్రత్యేక భత్యాన్ని వేరే పేరు పెట్టి పీఎఫ్ లెక్క నుంచి తప్పించకూడదన్నది ఆ తీర్పు సారాంశం. ఇంటద్దెకు మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉంది. అందువల్ల మీ స్లిప్పులో లెక్కకు రావలసింది 17,000. అది పరిమితి దాటింది కాబట్టి 15,000 మీద 12 శాతం, అంటే 1,800 మీరు, మరో 1,800 బడి కట్టాలి. బడి కట్టేదానిలో 1,250 పింఛనుకు పోతుంది.

టీచర్: 1,800 కోస్తే నా చేతికి వచ్చేది తగ్గిపోదా సార్? ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది.

లెక్చరర్: ఇప్పుడు చేతికి 20,120 వస్తోంది. సరిగ్గా కోస్తే 20,000 వస్తుంది. తగ్గేది 120 రూపాయలు. మీ పేరున జమయ్యేది మాత్రం 1,680 కాదు, 3,600.

కరస్పాండెంట్: ఆ తేడా ఎవరి జేబులోంచి వస్తుంది మాస్టారూ? నేను చేర్చుకునేటప్పుడే బడికి అయ్యే మొత్తం ఖర్చు 22,000 అని, అందులో నా వాటా కలిసే ఉందని రాసి సంతకం తీసుకుంటే?

లెక్చరర్: నియామక పత్రంలో వేతనం ఇంత, యజమాని వాటా ఇంత అని మొదటి రోజే విడిగా రాసి ఉంటే మీ వాదనకు కొంత బలం ఉంటుంది. వేతనమే 22,000 అని రాసి, తర్వాత దానిలోంచి కోస్తే బలం ఉండదు. చాలా బడుల్లో అసలు నియామక పత్రమే ఇవ్వరు, తగాదా అంతా అక్కడే మొదలవుతుంది. అమ్మా, మీ దగ్గర ఉందా?

టీచర్: లేదు సార్, నోటి మాటే. స్లిప్పులు మాత్రం దాచుకున్నాను. పాస్‌బుక్‌లో మే నెల ఖాళీగా ఉంది, వేసవిలో జీతం ఇవ్వరు.

లెక్చరర్: ఆ ఖాళీనీ గుర్తుపెట్టుకోండి. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఏటా నెలలు ఎగిరిపోతూ ఉంటే ఆ లెక్క మీద తగాదా వస్తుంది. స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, పాస్‌బుక్ మూడూ నెలవారీగా పక్కపక్కన పెట్టి, తేడాలు రాసి epfigms.gov.in లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. పేరు బయటపడుతుందన్న భయం ఉంటే సంఘం తరఫున రాయించండి. పీఎఫ్ కార్యాలయం 7ఎ సెక్షను కింద విచారణ జరిపి బకాయి తేల్చగలదు.

కరస్పాండెంట్: వచ్చే నెల నుంచి సరిచేయమంటే ఏ యాజమాన్యమైనా ఒప్పుకుంటుంది, నేనూ మా లెక్కలు చూసుకుంటాను. పాత నెలల బకాయి అంటే మాత్రం టీచరు వాటా టీచరే కట్టాలి.

లెక్చరర్: ఆ నెల వేతనంలోంచి కోయని వాటాను తర్వాతి జీతాల్లోంచి రాబట్టుకోవడానికి 32వ పేరా సాధారణంగా ఒప్పుకోదు. కాబట్టి ఈమె విషయంలో నెలకు 1,920 తక్కువగా కట్టిన భారం బడిదే, అదనంగా కోసిన 840 తిరిగి ఇవ్వవలసిందీ బడే.

కరస్పాండెంట్: అది నేను ఒప్పుకోను. మా ఆడిటరును అడిగి చెబుతాను.